తాతయ్య మసి, రెండు తలల లేడి

మొన్న ఆదివారం మనవరాలి దిష్టిచుక్క కోసం ఇంట్లో కాటుక పట్టాం. కళ్ళకి పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు కాబట్టి బుగ్గ మీద, అరికాల్లో చుక్క పెట్టడానికి మాత్రమే. బజారు డబ్బా కాటుక మా వియ్యపురాలికి నచ్చదు, ఆవిడే ఆముదం ప్రమిద వెలిగించి, గుడ్డవత్తి వేసి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించి పెట్టింది. సిటీలో మూడో అంతస్తు ఫ్లాటులో, ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసేసి కూర్చున్నాం. పావుగంటకి ఆ వాసన మొదలైంది. ఆముదం కాలే వాసన, దానికింద కొంచెం చేదుగా మసి వాసన.

నాకు ఒక్కసారిగా గొంతు పట్టేసింది. ఆవిడ "ఏమైంది వదినగారూ, పొగ పడలేదా" అంటోంది, నేను ఊరికే తల ఊపాను. ఆ వాసన కాటుకది కాదు నాకు, తాతయ్యది.

*

మా తాతయ్యది ఇచ్ఛాపురం. అమ్మ వాళ్ళ నాన్న. ఆ ఊరు సరిగ్గా ఒడిశా అంచున ఉంటుంది, 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా గంజాం, ఇచ్ఛాపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి, కాబట్టి ఆ తరం వాళ్ళకి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రెండూ ఒకటే. తాతయ్య చిన్నప్పుడు గంజాం వైపు ఒక ఊళ్ళో ఎవరి దగ్గరో తాటాకు బొమ్మలు నేర్చుకున్నాడు. తరవాత బడిపంతులు అయ్యాడు, రిటైరయ్యాడు, అమ్మమ్మ పోయాక మా దగ్గరికి హైదరాబాద్ వచ్చేశాడు. నాన్నది రైల్వే ఉద్యోగం, మేం చిలకలగూడలో ఉండేవాళ్ళం, పెంకుటిల్లు, వెనక చిన్న పెరడు, పెరట్లో చిక్కుడు పాదు.

తాతయ్య ఒక రేకు ట్రంకు పెట్టె, ఒక గొడుగు పట్టుకుని దిగాడు. ట్రంకులో బట్టలు సగం, మిగతా సగం ఎర్రగుడ్డలో చుట్టిన కమ్మలు. అప్పటికి నాకు కమ్మలంటే చెవికి పెట్టుకునేవే తెలుసు. తాటాకుని కూడా కమ్మ అంటారని ఆ రోజే తెలిసింది. గంటాలు మూడు ఉండేవి, ఇనపవి, ఒకటి మరీ సన్నం, ఒకటి మధ్యరకం, మూడోది మొండిది. వాటిని చిన్న గుడ్డసంచీలో కట్టి, నేను ముట్టుకోకుండా అటక మీద పెట్టేవాడు.

"ఏటే పిల్లా, అది సూది కాదు, కత్తీ కాదు, రెండింటికీ మధ్యది" అనేవాడు. ఆ మాటకి అర్థం నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. గంటం మొన మరీ పదునుగా ఉంటే ఆకు కోసుకుపోతుంది, కోసిన గీత కత్తి గాటులాగా మళ్ళీ మూసుకుంటుంది, మసి లోపలికి వెళ్ళదు. మరీ మొండిగా ఉంటే ఆకు నొక్కుకుంటుంది తప్ప పై పొర తెగదు. మొన కొంచెం గుండ్రంగా ఉండి, నాగలి చాలు తీసినట్టు పైపొరని చీల్చుకుంటూ పోవాలి. అందుకే తాతయ్య పని మొదలుపెట్టే ముందు రాయి మీద మొన రెండు సార్లు తిప్పి, పనికిరాని ముక్క మీద ఒక సున్నా చుట్టి చూసేవాడు. సున్నా చుట్టూ ఒకేలా వచ్చిందా లేదా అనేదే పరీక్ష.

*

ఆకులు ఎక్కడివి అంటారా. అప్పట్లో ఘట్‌కేసర్ దాటితే తాటిచెట్లే తాటిచెట్లు. నాన్నకి తెలిసిన ఒక గౌడన్న ఉండేవాడు, కల్లు గీసేవాడు, ఆయన సైకిలు మీద మొవ్వాకు తెచ్చిచ్చేవాడు. "ఏం జేస్కుంటవ్ పెద్దాయనా గింత లేతాకు, విసనకర్ర గూడ గాదు" అని ప్రతిసారీ అడిగేవాడు, తాతయ్య ప్రతిసారీ ఒక బొమ్మ చూపించేవాడు, ఆయన ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే చూసేవాడు.

ముదురాకు పనికిరాదు, పెళుసు. మరీ లేతదీ పనికిరాదు, ఎండితే ముడుచుకుపోతుంది. విచ్చుకోబోతున్న ఆకు కావాలి. మధ్యలో ఈనె తీసేసి, రెండు పక్కల బద్దల్ని కట్టలు కట్టి, నీడలో ఆరబెట్టి, పసుపు వేసిన నీళ్ళలో ఉడికించి, మళ్ళీ నీడలోనే ఆరబెట్టేవాడు. ఉడికించిన రోజు ఇల్లంతా ఏదో పచ్చి గడ్డి ఉడికినట్టు వాసన వచ్చేది, అమ్మ చిరాకు పడేది, ఆ రోజు గంజి గిన్నె ఖాళీ ఉండేది కాదు మరి. పసుపు పురుగు పట్టకుండా. తరవాత వంటింట్లో పొయ్యి పైన దండెం కట్టి కొన్నాళ్ళు వేలాడదీసేవాడు, పొగ తగలడానికి. అదీ పురుగు కోసమే. ఆ తరవాత గవ్వతో రుద్ది రుద్ది నున్నగా చేసేవాడు. గవ్వతో రుద్దే ఆ చప్పుడు, కుర్ కుర్ మని, మధ్యాహ్నం నిద్రపోయే టైంలో, ఇప్పటికీ చెవిలో ఉంది.

అంతా అయ్యాక కమ్మ వెడల్పు మూడున్నర సెంటీమీటర్లు, నాలుగు దాటదు. పొడుగు జానెడున్నర, రెండు జానెళ్ళు. తాటాకుకి అంతకంటే వెడల్పు రాదు. శ్రీతాళం అని ఇంకో చెట్టు ఉంది, దాని ఆకు ఇంకా వెడల్పు, పల్చన, మెత్తన, కానీ అది మన దగ్గర దొరకదు. మాకు తాటే గతి.

ఆ మూడున్నర సెంటీమీటర్లలో రాముడు, సీత, లక్ష్మణుడు, పర్ణశాల, చెట్టు, లేడి, అన్నీ పట్టాలి.

*

లేడి దగ్గరికి వస్తున్నా. ఒడిశా బొమ్మల్లో మాయలేడికి రెండు తలలు వేస్తారు. నాకు ఆ సంగతి తెలియదు. నా క్లాసు పుస్తకంలో లేడికి ఒకటే తల ఉంది, అందుకని తాతయ్య తప్పు వేశాడనుకుని గట్టిగా చెప్పాను. ఆయన నవ్వలేదు. "అది మారీచుడే తల్లీ. ముందుకి పరిగెత్తాలి, వెనక్కి తిరిగి రాముడికి ఆశ పెట్టాలి. ఒక్క తలతో ఎలాగ అవుతాది?" అన్నాడు. నాకు అది ఎంత సబబుగా అనిపించిందంటే, ఇప్పటికీ ఒక తల లేడిని చూస్తే ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

ఆయన ఒక లేడిని వేస్తుంటే పక్కన కూర్చుని మొదటినుంచీ చివరిదాకా చూశాను, స్కూలు లేని రోజు, పొద్దున్నే మొదలుపెట్టాడు. అది చెప్తాను.

కమ్మ ఎడమచేతి వేళ్ళ మీద పడుకుని ఉంటుంది. కుడిచేతి పిడికిట్లో గంటం. కానీ కుడిచెయ్యి పెద్దగా కదలదు, నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది అదే. ఎడమచేతి బొటనవేలు గోరు కొంచెం పెంచి దానికి చిన్న గాడి పెట్టుకున్నాడు, గంటం ఆ గాడిలో ఆనుకుని ఉంటుంది, బొటనవేలు దాన్ని తోస్తుంది, కింద వేళ్ళు కమ్మని తిప్పుతాయి. అంటే గీత గియ్యడం కాదు, ఆకే గంటం కిందనుంచి నడుచుకుంటూ వెళ్తుంది. లేడి వీపు వంపు రావాలంటే కమ్మని వంపుగా తిప్పాలి.

ముందు గీసింది లేడి కళ్ళు. ఎందుకంటే అవి పాడైతే మిగతాది వెయ్యక్కర్లేదు కదా, ఆకు మిగులుతుంది. తరవాత రెండు మెడలు, వీపు, పొట్ట, కాళ్ళు. కాళ్ళు నిలువు గీతలు, పీచుకి అడ్డంగా పోతాయి, గంటానికి కొంచెం గట్టిగా తగులుతుంది కానీ భయం లేదు. ఆకు పీచులు పొడుగునా ఉంటాయి, వాటితో పాటు పొడుగునా గీత గీస్తే గంటం రెండు పీచుల మధ్యలోకి దిగిపోయి ఆకు చీలుతుంది. ఏటవాలు గీత ఇంకా మోసం, గీస్తుండగానే పీచు వైపు జారిపోవాలని చూస్తుంది. మన తెలుగు అక్షరాలు, ఒడియా అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండడానికి ఇదే కారణం అని చెప్తుంటారు. అక్షరాల సంగతి ఏమో గానీ లేడి వీపు మాత్రం అందుకే విల్లులా ఉంటుంది, నేను చూశాను. తిన్నగా ఉండాల్సిన వీపుని తాతయ్య వంచేవాడు, పర్ణశాల అరుగుని తిన్నగా ఒక్క గీత లాగకుండా చిన్న చిన్న ముక్కలుగా గీసేవాడు, గంటాన్ని బాగా పడుకోబెట్టి, దాదాపు బరువు పెట్టకుండా.

ఎంత లోతు? అది వేలికి తెలియాలి. కమ్మకి రెండు వైపులా బొమ్మలు ఉంటాయి, మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ప్రతి నాలుగైదు గీతలకి ఒకసారి కమ్మ తిప్పి వెనకవైపు వేలితో నిమిరేవాడు. వేలికి గట్టులా తగిలితే లోతు ఎక్కువైనట్టు. నా చేత కూడా నిమిరించేవాడు, "ఏటైనా తగిలిందా?" అని. తగల్లేదు అంటే ముందుకెళ్ళేవాడు.

ఇదంతా జరుగుతున్నంత సేపూ బొమ్మ కనిపించదు! చూసిన వాళ్ళకి తప్ప ఈ ముక్క చెప్తే నమ్మరు. లేత గడ్డిరంగు ఆకు మీద రంగు లేని గీత. కిటికీ దగ్గర కూర్చుని వెలుతురు పక్కనుంచి పడేలా కమ్మని వంచితే గీత అంచున సన్నటి నీడ కనబడుతుంది, అంతే. లేడి ఒంటిమీద చుక్కలు, చెట్టుకి ఒక్కో ఆకు, సీత చీర అంచు, రాముడి మేని నలుపు కోసం వెంట్రుక ఎడంతో పక్కపక్కనే గీతలు, సీత జడ కోసం గీతల మీద అడ్డగీతలు, అన్నీ చేత్తో గుర్తుపెట్టుకుని వెయ్యాలి. ఎక్కడ నలుపు చిక్కగా కావాలో అక్కడ గీతలు దగ్గరగా, ఎక్కడ పల్చగా కావాలో దూరంగా. నీడ వెయ్యడానికి ఇంకో దారి లేదు, ఒకటే మసి, ఒకటే నలుపు. కమ్మ మధ్యలో దారం దూర్చే చిల్లు ఒకటి ఉంటుంది కదా, అది ఎప్పుడూ బొమ్మకి అడ్డమే, తాతయ్య దాని చుట్టూ ఒక చెట్టు బోదెనో, చిన్న తామరపువ్వో పెట్టి దాన్ని పక్కకి తోసేసేవాడు.

చెరపడం అనేది లేదు. జారిన గీత జారిందే. "దాన్ని చెరపలేం, దాన్ని గడ్డి చేసుకోవాలి" అనేవాడు. అంటే జారిన గీత నేలలా ఉందనుకుని దాని మీద చిన్నచిన్న గడ్డిపోచలు వేసెయ్యడం. కొన్ని బొమ్మల్లో రాముడి కాళ్ళ దగ్గర అనవసరంగా బోలెడంత గడ్డి ఉండేది, అప్పుడు నేను తాతయ్య మొహం కేసి చూసేదాన్ని.

*

సాయంత్రం దీపం పెట్టే వేళకి మసి.

మసి ముందు రోజే పట్టి ఉంచుకునేవాడు, సరిగ్గా మేం మొన్న కాటుక పట్టినట్టే, కాకపోతే పళ్ళెం బదులు పగిలిన కుండపెంకు. కోడి ఈకతో నెమ్మదిగా కొబ్బరిచిప్పలోకి దులిపేవాడు. ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని, తుమ్మితే మొత్తం పోతుంది. బొగ్గు నూరి వాడొచ్చు కదా అని అడిగాను, పలకకి మేం బొగ్గూ ఆకుపసరూ పూసేవాళ్ళం, దానికి సరిపోయేది కదా. బొగ్గు ఎంత నూరినా పలుకు ఉంటుంది, వెంట్రుకంత గీతలోకి పోదు. దీపం మసికి పలుకు లేదు, వేళ్ళ మధ్య రుద్దితే ఏదీ లేనట్టే ఉంటుంది.

పెరట్లో చిక్కుడాకులు కోసుకొచ్చి నలిపి పసరు పిండడం నా పని. మసిలో పసరు, నువ్వులనూనె ఒక చుక్క. ఒక్క చుక్కే. నూనె ఎక్కువైతే మసి గీతలో ఆగదు, గీతనుంచి పీచుల వెంట పక్కలకి పాకుతుంది, ప్రతి గీతకీ మీసాలు మొలుస్తాయి. తక్కువైతే ఆరాక పొడిలా రాలిపోతుంది.

ఆ ముద్దని గుడ్డతో కమ్మ అంతటా పూసేస్తాడు. లేడీ లేదు రాముడూ లేడు, కమ్మ మొత్తం నల్లగా, తారులో ముంచినట్టు. మొదటిసారి చూసినప్పుడు నేను ఏడ్చేశాను, పొద్దున్నుంచి చేసిందంతా పాడుచేసేశాడని. ఆయన ఏమీ అనలేదు. కాసేపు ఆరనిచ్చి, ఒక చెక్కముక్కకి పాత పంచె గుడ్డ బిగించి చుట్టి, దాంతో తుడవడం మొదలుపెట్టాడు. వదులు గుడ్డతో తుడిస్తే గుడ్డ గీతల్లోకి దిగి మసిని బయటికి లాగేస్తుంది. బిగించిన గుడ్డ పైపైన పోతుంది. ఆకు పైన చర్మం నున్నగా, మైనంలా ఉంటుంది కాబట్టి దానిమీద మసి నిలవదు, తుడిస్తే వచ్చేస్తుంది. గీత గీసిన చోట చర్మం తెగి లోపలి పీచు బయటపడింది కదా, మసి అక్కడ పట్టుకుంటుంది.

మొదట రెండు తలలు వచ్చాయి. తరవాత చుక్కలు. తరవాత చెట్టు. ఇంట్లో కరెంటు లేదు ఆ సాయంత్రం, లాంతరు వెలుతుర్లో ఆ లేడి ఆకులోంచి లేచి వచ్చినట్టు వచ్చింది.

అమ్మ వంటింట్లోంచి "చేతులు కడుక్కుని అన్నానికి రండి" అని పిలుస్తోంది. మా ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఆ మసి రెండు రోజులైనా గోళ్ళలోంచి పోలేదు, స్కూల్లో టీచరు అడిగితే చెప్పాను, ఆవిడకి అర్థం కాలేదు.

*

హైదరాబాద్ ఎండాకాలం తాతయ్యకి శత్రువు. ఇచ్ఛాపురంలో సముద్రపు గాలి, తేమ, ఆకు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. ఇక్కడ ఏప్రిల్ వచ్చిందంటే ఆకు గలగలమనేది. అప్పుడు గంటం పెడితే గీత అంచులు పెచ్చులు లేస్తాయి, మసి పూశాక ఆ పెచ్చుల కింద కూడా నలుపు దూరి గీత రంపంలా కనబడుతుంది. తడిగుడ్డని ట్రంకులో ఒక మూల పెట్టి, కమ్మల్ని దానికి తగలకుండా రాత్రంతా మూతేసి ఉంచి, పొద్దున్నే తీసి పనిచేసేవాడు. పది దాటితే ఆపేసేవాడు. వానాకాలంలో పని బాగా సాగేది గానీ బూజు, అది ఇంకో తలనొప్పి. ఇచ్ఛాపురం వెళ్ళిపోతానని ఒక్కసారి కూడా అనలేదు కానీ, ఎండాకాలం మధ్యాహ్నాలు ట్రంకు మూత తీసి లోపలికి చెయ్యి పెట్టి చూసుకునేవాడు, తేమ ఉందా అని.

నేను డిగ్రీలో ఉండగా పోయాడు. వేసినవాటిలో చాలా వరకు చుట్టాలకి ఇచ్చేశాడు, మిగిలినవి అమ్మ దగ్గర.

*

తరవాత ఆ పిచ్చితోనే నేను పాత తాళపత్రాలు భద్రపరిచే ఒక చోట చేరాను, కొన్నేళ్ళు పనిచేశాను. అక్కడి పేరు వద్దు, ఎందుకంటే చెప్పబోయేది బాధాకరమైన సంగతి.

మసి వెలిసిపోయిన కమ్మల్ని మళ్ళీ నల్లబరచడం అక్కడ రోజువారీ పని. ముందు స్పిరిట్‌లో తడిపిన దూదితో జిడ్డు, దుమ్ము తీస్తారు, తరవాత నిమ్మగడ్డి నూనెలో దీపం మసి కలిపి పూసి తుడుస్తారు. నూనె ఆకుకి మెత్తదనం ఇస్తుంది, ఆ ఘాటు వాసనకి పురుగు రాదు, మసి గీతలో కూర్చుంటుంది. తాతయ్య చేసిందే, చిక్కుడాకు బదులు నిమ్మగడ్డి. నాకు చేతికి అలవాటైన పని, రోజుకి ఎన్నో కమ్మలు చేసేదాన్ని.

ఒకరోజు ఒక కట్టలో బొమ్మల కమ్మలు వచ్చాయి, మురికి పట్టి మొత్తం ఒకటే గోధుమరంగులో ఉన్నాయి. నా పక్క టేబుల్ మీద ఉన్నాయన, కొత్తగా చేరాడు, అలవాటు ప్రకారం స్పిరిట్ దూదితో ఒక లాగు లాగాడు. దూది ఎర్రగా వచ్చింది. ఇద్దరం ఆ దూది కేసి చూస్తూ ఉండిపోయాం. అది ఇంగిలీకం. మురికి కింద కృష్ణుడి పక్కనున్న గోపిక చీరకి ఎరుపు ఉంది, ఆ మురికితో పాటు సగం చీర దూదిలోకి వచ్చేసింది.

గీత బొమ్మ మీద కొందరు రంగులు కూడా నింపేవాళ్ళు, ఎరుపుకి ఇంగిలీకం, పసుపుకి హరిదళం, నీలికి నీలిమందు, తెలుపుకి శంఖం పొడి, వెలగ జిగురుతో కలిపి. కానీ గీత వేరు, రంగు వేరు. గీతలో మసి ఆకు లోపల ఉంటుంది. రంగు పైన ఉంటుంది, ఏ చర్మం మీద మసి నిలవదో అదే చర్మం మీద. ఆకు వంగుతుంది, రంగు పొర వంగలేదు, పెళ్ళలుగా లేస్తుంది, కట్టలో పక్క కమ్మతో రాసుకుని ఇంకా పోతుంది. అలాంటి దానిమీద స్పిరిటూ పెట్టకూడదు, నూనె మసి అసలే పూయకూడదు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి ఆగిపోవాలి, అంతే. ఆయనకి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. పక్కనే ఉన్న నేను చెప్పొచ్చు, కట్ట విప్పినప్పుడే ఒక మూల భూతద్దం పెట్టి చూసుంటే తెలిసేది, నేను నా కమ్మల్లో పడి చూడలేదు. ఆ గోపిక మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే గీత గీతగానే మిగిలింది, కన్ను, ముక్కు, ముక్కెర, ఏదీ చెక్కు చెదరలేదు.

ఆ రోజునుంచి నేను ఏ కమ్మ వచ్చినా ముందు టార్చి వెలుగు పక్కనుంచి వేసి చూసేదాన్ని. గాడి కనబడితే గంటం పని, మసి పోయినా పర్లేదు, బొమ్మ ఆకులోనే ఉంది, తిరిగి తేవచ్చు. గాడి లేకపోతే అది కలంతోనో కుంచెతోనో సిరా పెట్టి వేసింది. నలందా వైపు, బీహారు, బెంగాల్లో పాలరాజుల కాలం నాటి బౌద్ధ గ్రంథాల్లో బొమ్మలు అలాంటివే, కుంచెతో రంగులు వేసినవి, చాలావరకు శ్రీతాళం ఆకు మీద. మన కర్ణాటకలో మూడబిదిరె జైన గ్రంథాల బొమ్మలూ అలా రంగులతో వేసినవే. అక్కడ సిరా పోతే ఇక పోయినట్టే, కింద ఏమీ లేదు. ఆకులో చాలు తీసి దాంట్లో మసి నింపే పద్ధతి ఒడిశాలో, మన దక్షిణాదిలో నిలిచింది. గంజాంలోని ముండమరాయి ఊరి రఘునాథ్ పృష్టి అనే ఆయన బొమ్మలు తరవాత ఫోటోల్లో చూశాను, దాదాపు నూరేళ్ళ పైబడిన పని, చెట్టుకి చెట్టుకి ఆకుల గీత వేరు, నాకు తాతయ్య చెయ్యి ఎక్కడ నుంచి వచ్చిందో అప్పుడు కొంచెం అర్థమైంది.

*

శిల్పారామంలో మేళా పెట్టినప్పుడల్లా ఒడిశా వాళ్ళు తాటాకు బొమ్మలు తెస్తారు, నేను తప్పకుండా వెళ్తాను. ఇప్పుడు కమ్మల్ని దారంతో పక్కపక్కన కుట్టి పెద్ద పటంలా చేస్తున్నారు, మడత పెడితే కట్ట, విప్పితే గోడబొమ్మ. బాగుంటాయి. నేను మాత్రం ముందు తిప్పి వెనకవైపు వేలితో నిమిరి చూస్తాను. రెండేళ్ళ కింద ఒక కుర్రాడు అది గమనించి, హిందీలో, "మీరు వేస్తారా?" అని అడిగాడు. లేదు, మా తాతయ్య అన్నాను. అతను బొటనవేలు చూపించాడు. గోరుకి గాడి ఉంది.

*

మొన్న కాటుక పట్టాక పళ్ళెం మీద ఇంకా బోలెడు మసి మిగిలింది. చిన్నదానికి కావలసింది ఆవగింజంత. మిగిలింది పారబొయ్యబోతుంటే వద్దన్నాను, కాగితంలో పొట్లం కట్టుకున్నాను.

అమ్మ పోయాక ట్రంకు నా దగ్గరికి వచ్చింది. దాంట్లో అడుగున ఒక కమ్మ ఉంది, మసి పూయనిది. తాతయ్య పోయేముందు వేస్తూ ఆపేసింది అని మా ఇంట్లో అందరి నమ్మకం. కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే రెండు తలలు తెలుస్తాయి, అంతకు మించి నా కళ్ళకి ఇప్పుడు కనబడదు. ఇన్నేళ్ళూ దాన్ని ముట్టుకోలేదు. పూర్తికానిదాన్ని ఎందుకు పూర్తిచెయ్యడం అనిపించేది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక టేబుల్ లైటు పక్కనుంచి పెట్టి చూశాను, రంగు ఎక్కడా లేదు. ఒక చివర, బొమ్మ లేని చోట నిమ్మగడ్డి నూనె చుక్క పెట్టి చూశాను, ఆకు తట్టుకుంది. మసిలో నూనె కలిపాను. పాత కాటన్ చీరముక్క చెక్కస్కేలుకి బిగించి చుట్టాను. పూశాను, ఆరనిచ్చాను, తుడిచాను.

లేడి మొత్తం వచ్చింది. చుక్కలతో సహా, తోకతో సహా, ఏమీ మిగల్లేదు వెయ్యడానికి. కానీ వెనక కాలి గిట్టనుంచి కమ్మ పొడుగునా ఒక గీత, రెండంగుళాలు, పీచు వెంట తిన్నగా జారిపోయి, చివర ఆకు వెంట్రుకవాసి చీలి ఉంది. ఇదన్నమాట ఆపెయ్యడానికి కారణం. ఆ గీత మొదట్లో గడ్డిపోచలు వెయ్యడం మొదలుపెట్టాడు. లెక్కపెట్టాను, పదకొండు ఉన్నాయి. మొదటివి పొంకంగా ఉన్నాయి, తరవాతవి వణికాయి, పదకొండోది సగంలో ఆగింది.

కమ్మ తిప్పి వెనకవైపు నిమిరాను. ఏమీ తగల్లేదు.